నలభై షేర్లు ఆరువందలైతే ఖరీదు ఎంత?

కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి వైపు రొయ్యల చెరువుల గట్ల మీద పేర్చిన మేత బస్తాల్లో అవంతి ఫీడ్స్ పేరు కనబడటం కొత్తేమీ కాదు. మన దేశంలో 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక డెల్టాలో వరి మడులు చాలా చెరువులుగా మారాయి. చెరువులు పెరిగిన కొద్దీ మేత అమ్మకాలు పెరిగాయి, మేత కంపెనీ షేరు ధర కూడా పెరిగింది. ఏడాదికి రెండు మూడు పంటలకు సరిపడా మేత కొనే రైతు, ఆ కంపెనీ వ్యాపారం ఎలా నడుస్తోందో ఏ విశ్లేషకుడి కన్నా ముందే పసిగట్టగలడు. అందుకే ఈ ప్రాంతంలో షేర్ల అలవాటున్న కుటుంబాల దగ్గర ఈ కంపెనీ షేర్లు కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అసలు చిక్కు అమ్మేటప్పుడు వస్తుంది. విజయవాడ గవర్నర్‌పేటలో ఆడిటర్ ముందు కూర్చుని, "ఎంతకు కొన్నారు?" అన్న ప్రశ్నకు జవాబు వెతికితే, చేతిలోని రసీదులో ఒక సంఖ్య, డీమ్యాట్‌లో ఇంకో సంఖ్య కనిపిస్తాయి. మధ్యలో కంపెనీ షేరును రెండుసార్లు విభజించింది, ఒకసారి బోనస్ ఇచ్చింది. ఏ షేరుకు ఏ ఖరీదు అంటగట్టాలో తేలితే తప్ప లాభం ఎంతో తేలదు, పన్ను ఎంతో తేలదు.

ఈ అధ్యాయం ఆ ఒక్క కంపెనీ చరిత్రనే పట్టుకుని లెక్క మొదటి నుంచి చివరిదాకా చేస్తుంది. రైట్స్ ఇష్యూ సంగతి అవంతిలో రాదు కాబట్టి దానికి మాత్రం రిలయన్స్‌ను అరువు తెచ్చుకోవాలి.

జరిగినది ఇదీ

2015లో అవంతి ఫీడ్స్ పది రూపాయల ముఖ విలువ ఉన్న ఒక్కో షేరును రెండు రూపాయల షేర్లు ఐదుగా విడగొట్టింది. 2018 జూన్‌లో ఒకేసారి రెండు పనులు చేసింది. ముందు రెండు రూపాయల షేరును రూపాయి షేర్లు రెండుగా విభజించింది. ఆపైన, అలా వచ్చిన ప్రతి రెండు రూపాయి షేర్లకు ఒక బోనస్ షేరు ఇచ్చింది. విభజనతో ప్రతి పాత షేరూ జతగా మారింది కాబట్టి, ప్రతి జతకూ ఒక బోనస్ సరిగ్గా వచ్చింది. సగం షేరు, పావు షేరు మిగిలి దానికి బదులు డబ్బులు పంపే తతంగం ఇక్కడ లేదు. వేరే కంపెనీల బోనస్‌లలో ఆ తునకల లెక్క కూడా చూసుకోవాలి.

ఇప్పుడు ఒక రైతును ఊహించుకుందాం. 2014లో పది రూపాయల షేర్లు నలభై, ఒక్కోటి వెయ్యి రూపాయల చొప్పున, నలభై వేలు పెట్టి కొన్నాడు. ధర లెక్క సులువు కోసం వేసుకున్నది, నిష్పత్తులు మాత్రం నిజమైనవి. 2015 విభజనతో నలభై కాస్తా రెండు వందలయ్యాయి. 2018 జూన్‌లో విభజన వల్ల నాలుగు వందలయ్యాయి, బోనస్‌గా మరో రెండు వందలు చేరాయి. మొత్తం ఆరు వందలు. చేతి నుంచి పోయిన డబ్బు నలభై వేలే.

చాలామంది ఇక్కడ చేసే పని, నలభై వేలను ఆరు వందలతో భాగించడం. షేరుకు అరవై ఆరు రూపాయల అరవై ఏడు పైసలు వస్తుంది. తూచినట్టు సమంగా ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆదాయపు పన్ను చట్టం దాన్ని ఒప్పుకోదు.

విభజనకు ఒక రూలు, బోనస్‌కు ఇంకొకటి

మార్కెట్ దృష్టిలో విభజనకూ బోనస్‌కూ తేడా దాదాపు లేదు. షేర్ల సంఖ్య పెరుగుతుంది, అదే నిష్పత్తిలో ధర దిగుతుంది, మదుపరి సంపద ఎక్కడిదక్కడే ఉంటుంది. చట్టం మాత్రం ఈ రెంటినీ రెండు వేరు సంగతులుగా చూస్తుంది. ఈ అధ్యాయంలో గుర్తుంచుకోవలసినది ఏదైనా ఉంటే అది ఇదే.

విభజన అంటే ఎకరం చేను మధ్యలో గట్టు వేసి రెండు అరెకరాలు చేసుకోవడం లాంటిది. కొత్తగా ఏమీ కొనలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అందుకని పాత ఖరీదే కొత్త షేర్ల మధ్య సమంగా పంచుకుపోతుంది, కొన్న తేదీ కూడా పాతదే నిలుస్తుంది. మన రైతు వెయ్యి రూపాయల షేరు 2015లో రెండు వందల రూపాయల షేర్లు ఐదయింది, 2018లో అవి వంద రూపాయల షేర్లు పదయ్యాయి. నాలుగు వందల షేర్లు, ఒక్కోటి వంద, మొత్తం నలభై వేలు. కొన్నది 2014లోనే.

బోనస్ షేరును చట్టం కొత్త ఆస్తిగా చూస్తుంది. దానికి మదుపరి పైసా కట్టలేదు కాబట్టి కొనుగోలు ఖరీదు సున్నా. దాని వయసు కూడా కేటాయించిన రోజు నుంచే మొదలవుతుంది, అసలు షేరు ఎప్పటిదన్నదానితో సంబంధం లేదు. కనుక మన రైతు దగ్గర ఉన్నది ఒక్క మూట కాదు, రెండు మూటలు. వంద రూపాయల ఖరీదుతో 2014 నాటి నాలుగు వందలు, సున్నా ఖరీదుతో 2018 నాటి రెండు వందలు.

1961 నాటి చట్టంలో ఈ నియమాలు 55వ సెక్షన్ రెండో ఉపవిభాగంలో ఉండేవి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. ఆడిటర్లు ఇంకా కొన్నాళ్లు పాత నంబర్లతోనే మాట్లాడతారు కాబట్టి వాటిని ఎరిగి ఉండటం మంచిదే.

2018 జనవరి 31 అనే గీత

దేశంలో లిస్టయిన షేర్ల మీద దీర్ఘకాలిక లాభానికి 2004 అక్టోబర్ నుంచి 2018 మార్చి దాకా పన్ను లేదు, షేరు లావాదేవీల పన్ను కట్టి ఉంటే చాలు. 2018 బడ్జెట్‌లో ఆ మినహాయింపు పోయింది. అప్పటిదాకా పెరిగిన లాభాన్ని వెనక్కు వెళ్లి పట్టుకోవడం న్యాయం కాదని 2018 జనవరి 31న ఒక గీత గీశారు. ఆ రోజుకు చేతిలో ఉన్న షేర్లకు, ఆనాటి ధర దాకా పెరిగిన విలువను పన్ను ముట్టుకోదు.

ఆచరణలో ఇది రెండు మెట్ల లెక్క. మొదటి మెట్టులో 2018 జనవరి 31న ఎక్స్ఛేంజీలో ఆ షేరు తాకిన గరిష్ఠ ధరను, ఇప్పుడు అమ్మిన ధరను పక్కపక్కన పెట్టి, తక్కువది తీసుకోవాలి. రెండో మెట్టులో దాన్ని అసలు కొన్న ధరతో పోల్చి, ఎక్కువది తీసుకోవాలి. అదే పన్ను లెక్కలో కొనుగోలు ఖరీదు. మొదటి మెట్టు ఎందుకంటే, పాత గరిష్ఠ ధర చూపించి లేని నష్టం పుట్టించకుండా అడ్డుకోవడానికి.

గమనించాల్సింది, తీసుకోవలసినది ఆ రోజు ముగింపు ధర కాదు, గరిష్ఠ ధర. ఎక్స్ఛేంజీలు రోజువారీ ధరల పట్టికను భావ్‌కాపీ పేరుతో ఉంచుతాయి. ఆ తేదీది తెరిస్తే గరిష్ఠ ధర గడి విడిగా ఉంటుంది. ఆ రోజు షేరు చేతులు మారకపోతే, అంతకు ముందు ట్రేడయిన చివరి రోజు గరిష్ఠ ధర పనికొస్తుంది.

అవంతి షేర్‌హోల్డరుకు అసలు మెలిక ఇక్కడుంది. విభజన, బోనస్ వచ్చింది జూన్‌లో. గీత గీసింది జనవరిలో. అంటే ఆ రోజు భావ్‌కాపీలో కనిపించేది రెండు రూపాయల ముఖ విలువ ఉన్న షేరు ధర. అది 2,400 రూపాయలు అనుకుందాం, ఇది కూడా లెక్క కోసం వేసుకున్నదే. ఇప్పుడు చేతిలో ఉన్నది రూపాయి షేరు కనుక దాన్ని రెండుతో భాగించాలి. 1,200 వస్తుంది. మూడుతో కాదు.

మూడుతో ఎందుకు భాగిస్తారు? ధరల చార్టులు చూపించే కొన్ని వెబ్‌సైట్లు, యాప్‌లు పాత ధరలన్నిటినీ విభజనకూ బోనస్‌కూ కలిపి సవరించేస్తాయి. ఒక షేరు మూడైంది కాబట్టి 2,400 ధర వాటిలో 800గా కనిపిస్తుంది. చార్టుకు అది సరైనదే, గ్రాఫు మధ్యలో గొయ్యి పడకుండా ఉంటుంది. పన్నుకు మాత్రం అది పనికిరాదు. బోనస్ షేర్లు జనవరి 31 నాటికి పుట్టనే లేదు కాబట్టి ఆ గీత రక్షణలో వాటికి వాటా లేదు. ఆ రక్షణ మొత్తం పాత షేర్ల నుంచి విడిపోయిన నాలుగు వందలకే చెందుతుంది.

అమ్మిన రోజు లెక్క

మన రైతు ఆరు వందల షేర్లనూ షేరు 700 రూపాయలకు అమ్మాడనుకుందాం. చేతికి వచ్చేది 4,20,000. బ్రోకరేజీని ప్రస్తుతానికి పక్కన పెడదాం. దాన్ని ఖర్చుగా తీసివేయవచ్చు గానీ షేరు లావాదేవీల పన్నును తీసివేయడానికి వీల్లేదు.

మొదటి మూట, నాలుగు వందల షేర్లు. జనవరి 31 నాటి సవరించిన ధర 1,200, అమ్మిన ధర 700. తక్కువది 700. దాన్ని అసలు ఖరీదు వందతో పోలిస్తే ఎక్కువది 700. కాబట్టి ఖరీదు 700, అమ్మకం 700, లాభం సున్నా. 2014 నుంచి షేరు ఏడు రెట్లయినా ఈ మూట మీద పన్ను లేదు. నష్టం కూడా లేదు.

రెండో మూట, రెండు వందల బోనస్ షేర్లు. ఖరీదు సున్నా, గీత రక్షణ లేదు. అమ్మకం మొత్తం లాభమే, 1,40,000 రూపాయలు. కేటాయించి పన్నెండు నెలలు ఎప్పుడో దాటాయి కాబట్టి ఇది దీర్ఘకాలిక లాభం. 2024 జూలై 23 నుంచి ఇలాంటి లాభంలో ఏడాదికి 1,25,000 దాకా పన్ను లేదు, ఆపైన పన్నెండున్నర శాతం. ఈ ఏడాది ఇతర షేర్ల లాభం లేదనుకుంటే, మిగిలిన 15,000 మీద 1,875 రూపాయలు, నాలుగు శాతం సెస్సుతో 1,950.

ఇప్పుడు తప్పుడు దారులు ఎక్కడికి చేరుస్తాయో చూద్దాం. 800 ధరను ఆరు వందలకూ వేసినవాడికి తక్కువది 700 కాబట్టి ఎక్కడా లాభం కనపడదు. 1,40,000 లాభం రిటర్నులో మాయమవుతుంది, ఆ తర్వాత నోటీసు రావచ్చు. నలభై వేలను ఆరు వందల మీద పంచి, జనవరి 31 సంగతి మరిచినవాడికి లాభం 3,80,000 వస్తుంది, పన్ను సెస్సుతో కలిపి 33,150. ఇతనికి నోటీసు రాదు. అక్కరలేని డబ్బు కట్టాడని చెప్పడానికి ఎవరూ తలుపు తట్టరు. నిజానికి ఎక్కువ ఖరీదైన తప్పు ఇదే.

అన్నీ ఒకే రోజు అమ్మకపోతే 1,950 కూడా తప్పుతుంది. ఈ ఏడాది నాలుగు వందలతో పాటు బోనస్ షేర్లలో 178 అమ్మితే లాభం 1,24,600, పరిమితి లోపలే. మిగిలిన 22 షేర్లను ఏప్రిల్ 1 దాటాక అమ్ముకోవచ్చు. అప్పటికి ధర ఎలా ఉంటుందన్నది వేరే జూదం. 1,950 రూపాయల పన్ను తప్పించుకోవడానికి ధర మీద పందెం కాయడం అందరికీ నచ్చాలనేమీ లేదు.

మురళి దివి కంపెనీలో ఇదే బోనస్ వేరుగా పలుకుతుంది

కృష్ణా జిల్లా నుంచి వెళ్లి హైదరాబాద్‌లో మందుల కంపెనీ పెట్టిన మురళి దివి పేరు ఈ ప్రాంతంలో తెలియనివారు తక్కువ. దివీస్ ల్యాబొరేటరీస్ 2015లో షేరుకు షేరు చొప్పున బోనస్ ఇచ్చింది. ఆ బోనస్ షేర్ల ఖరీదు కూడా చట్టం ప్రకారం సున్నాయే. అయినా వాటిని అమ్మినవారు జనవరి 31 నాటి గరిష్ఠ ధరను వాడుకోవచ్చు. కారణం ఒక్కటే, ఆ బోనస్ గీతకు ముందే చేతికి వచ్చింది. రెండు మెట్ల లెక్కలో కొన్న ధర దగ్గర సున్నా వేసి, జనవరి 31 ధరతో పోలిస్తే సరిపోతుంది. బడ్జెట్ తర్వాత 2018 ఫిబ్రవరిలోనే పన్నుల బోర్డు ప్రశ్నోత్తరాల రూపంలో ఈ సంగతి స్పష్టం చేసింది.

ఒకే డీమ్యాట్‌లో అవంతి, దివీస్ రెండూ ఉన్నవారు బోనస్ షేర్లన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. బోనస్ ఏ తేదీన వచ్చిందన్నది ముందు చూడాలి. రిలయన్స్ షేర్లున్న ఇళ్లలో ఈ రెండు రకాలూ ఒకే కంపెనీలో కనిపిస్తాయి. 2017లో వచ్చిన బోనస్‌కు గీత రక్షణ ఉంది. 2024లో వచ్చిన బోనస్‌కు లేదు.

ముందు వచ్చింది ముందు పోతుంది

"బోనస్ షేర్లు ఉంచేసి పాతవే అమ్మాను" అని చెప్పుకునే వీలు డీమ్యాట్‌లో చాలా పరిమితం. అందులోని షేర్లకు ముఖాలు లేవు. ఒక రూపాయి అవంతి షేరుకూ మరోదానికీ తేడా కనపడదు. అందుకే చట్టం ఒక క్రమం పెట్టింది. ముందు వచ్చినవే ముందు అమ్ముడైనట్టు లెక్క. ఇది ఒక్కో డీమ్యాట్ ఖాతాకు విడివిడిగా వర్తిస్తుందని పన్నుల బోర్డు 1998లోనే సర్క్యులర్ ఇచ్చింది.

మన రైతు 2019లో మరో వంద షేర్లు నాలుగు వందల చొప్పున కొన్నాడనుకుందాం. ఇప్పుడు ఖాతాలో ఏడు వందలు. యాప్ తెరిస్తే సగటు ఖరీదు 114 రూపాయల 29 పైసలు అని చూపించవచ్చు. ఎనభై వేలను ఏడు వందలతో భాగించిన ఆ సంఖ్యకు పన్ను లెక్కలో చోటు లేదు. అతను ఐదు వందలు 700 చొప్పున అమ్మితే, ముందు 2014 నాటి నాలుగు వందలు, ఆ తర్వాత బోనస్ నుంచి వంద పోయినట్టు. లాభం 70,000. ఆ చివరి వంద 2019లో కొన్నవని తనకు తాను చెప్పుకుంటే లాభం 30,000గా తోస్తుంది. అది చెల్లదు.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ చేసే ఒక పొరపాటు తెలిసి ఉండాలి. ముఖ విలువ మారినప్పుడు షేరు గుర్తింపు సంఖ్య, అంటే ఐఎస్ఐఎన్ కూడా మారుతుంది. డిపాజిటరీ పాత సంఖ్య కింద ఉన్న రెండు వందలను ఖాతాలోంచి తీసేసి, కొత్త సంఖ్య కింద నాలుగు వందలు జమ చేస్తుంది. ఆ జమ తేదీ 2018 జూన్. ఆ తర్వాత డీమ్యాట్‌ను వేరే బ్రోకరు దగ్గరికి మార్చుకుని ఉంటే, కొత్త బ్రోకరుకు 2014 సంగతి తెలియదు. ఆ నాలుగు వందలూ 2018 జూన్‌లో వచ్చినట్టు, ఖరీదు సున్నా అన్నట్టు నివేదికలో పడవచ్చు. పన్ను శాఖ వార్షిక సమాచార నివేదికలో, అదే ఏఐఎస్‌లో, ఖరీదు గడి ఖాళీగా ఉండటం లేదా తప్పుగా ఉండటం కూడా ఇలాగే జరుగుతుంది.

దీన్ని పసిగట్టడం కష్టం కాదు. నివేదికలో విభజన షేర్ల కొనుగోలు తేదీ, విభజన జరిగిన తేదీగానే కనబడితే ఎక్కడో తెగిందని అర్థం. అప్పుడు 2014 నాటి కాంట్రాక్ట్ నోటు తీసి, పాత ఐఎస్ఐఎన్ నుంచి కొత్తదానికి మారిన డీమ్యాట్ స్టేట్‌మెంటు పక్కన పెట్టుకోవాలి. ఆ రెండు కాగితాలూ తెగిన దారాన్ని కలుపుతాయి.

రైట్స్ ఇష్యూ: కట్టినదే ఖరీదు

బోనస్‌లో కంపెనీ ఊరికే ఇస్తుంది. రైట్స్‌లో ఉన్న షేర్‌హోల్డర్లకు ఒక ధర చెప్పి, ఆ ధరకు కొత్త షేర్లు కొనే హక్కు ఇస్తుంది. కొంటే ఆ కట్టిన డబ్బే ఖరీదు, కేటాయించిన రోజే వయసు మొదలయ్యే తేదీ. పాత షేర్ల ఖరీదు వీసమెత్తు కూడా మారదు. ఇంతవరకు సులువే. చిక్కంతా హక్కును అమ్ముకున్నప్పుడు, ఇంకొకరి హక్కు కొన్నప్పుడు వస్తుంది.

2020 మేలో రిలయన్స్ తెచ్చిన రైట్స్ ఇష్యూ దీనికి మంచి ఉదాహరణ. పదిహేను షేర్లకు ఒకటి చొప్పున, 1,257 రూపాయలకు. ఆ హక్కులు రైట్స్ ఎన్‌టైటిల్‌మెంట్ పేరుతో డీమ్యాట్‌లో విడిగా జమయ్యాయి, మే 20 నుంచి 29 దాకా ఎక్స్ఛేంజీలో షేర్లలాగే ట్రేడయ్యాయి. 150 రిలయన్స్ షేర్లున్న మచిలీపట్నం టీచరమ్మ ఒకరు అనుకుందాం. ఆమెకు పది హక్కులు వచ్చాయి. ఆరింటికి దరఖాస్తు చేసి, నాలుగు హక్కులను రెండు వందల చొప్పున అమ్మేశారు.

అమ్మిన హక్కులకు ఆమె ఏమీ కట్టలేదు, కాబట్టి వాటి ఖరీదు సున్నా. వచ్చిన 800 రూపాయలూ లాభమే. హక్కు వయసు కంపెనీ ఆఫర్ ఇచ్చిన తేదీ నుంచి అమ్మిన తేదీ దాకా మాత్రమే కాబట్టి అది స్వల్పకాలిక లాభం. అమ్మకుండా, దరఖాస్తూ చేయకుండా వదిలేసి ఉంటే హక్కు మురిగిపోయేది. ఖరీదు సున్నా కాబట్టి నష్టం చూపించుకోవడానికీ ఏమీ ఉండేది కాదు.

దరఖాస్తు చేసిన ఆరు షేర్ల ఖరీదు 7,542. అయితే ఆ డబ్బు ఒకేసారి కట్టలేదు. దరఖాస్తుతో షేరుకు 314 రూపాయల 25 పైసలు, 2021 మేలో మళ్లీ అంతే, 2021 నవంబర్‌లో 628 రూపాయల 50 పైసలు. మూడూ కలిపితేనే 1,257. ఏ ఒక్క విడత రసీదు పోయినా ఖరీదు తక్కువ చూపించే ప్రమాదం ఉంది. 2020 జూన్‌లో కట్టిన విడతను మాత్రమే చూసి నాలుగో వంతు ఖరీదు వేసుకుంటే, ఎన్నేళ్ల తర్వాత అమ్మినా లేని లాభం మీద పన్ను కట్టినట్టే.

ఆమె అమ్మిన హక్కులను కొన్నవారి లెక్క వేరు. వారికి ఖరీదు హక్కుకు పెట్టిన 200, కంపెనీకి కట్టిన 1,257 కలిపి 1,457. షేరు వయసు కేటాయింపు తేదీ నుంచే. హక్కు కొనడం అంటే షేరు కొనడమే అనుకుని దరఖాస్తు చేయడం మరిచినవారికి ఆ 200 పోతుంది, షేరు రాదు.

బోనస్‌కు ముందు కొని, తర్వాత అమ్మేవారికి

షేరుకు షేరు బోనస్ ప్రకటించిన కంపెనీని రికార్డు తేదీకి ముందు 600 రూపాయలకు వంద కొన్నారనుకోండి. బోనస్ తర్వాత ధర సగానికి దిగి 300 అవుతుంది. పాత వంద షేర్లను 300 చొప్పున అమ్మితే కాగితం మీద 30,000 నష్టం, చేతిలో సున్నా ఖరీదు బోనస్ షేర్లు వంద. ఆ నష్టాన్ని ఇతర లాభాలతో సరిపెట్టి పన్ను తగ్గించుకోవడం ఒకప్పుడు షేర్లలో నడిచింది.

మ్యూచువల్ ఫండ్ యూనిట్లకు ముందునుంచే ఉన్న అడ్డుకట్టను 2022 ఏప్రిల్ 1 నుంచి షేర్లకూ వేశారు. రికార్డు తేదీకి ముందు మూడు నెలల్లో కొని, తర్వాత తొమ్మిది నెలల్లో ఆ పాత షేర్లు అమ్మి, అమ్మే రోజుకు బోనస్ షేర్లలో కొన్నయినా చేతిలో ఉంటే, ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు. అయితే అది గాలికి పోదు. ఆ 30,000 మిగిలిన బోనస్ షేర్ల ఖరీదుగా మారుతుంది. బోనస్‌కు ఖరీదు సున్నా అన్న నియమానికి ఇది చెప్పుకోదగ్గ మినహాయింపు. తర్వాత ఆ వంద బోనస్ షేర్లను అమ్మేటప్పుడు షేరుకు 300 ఖరీదు చూపించుకోవచ్చు, చూపించుకోవాలి కూడా. సాఫ్ట్‌వేర్ దీన్ని తనంతట తాను పట్టుకుంటుందని నమ్మి కూర్చోవడం తెలివైన పని కాదు.

రిటర్నులో వరుసలు

ఇప్పటిదాకా షెడ్యూల్ 112ఎ పేరుతో నడిచిన పట్టికలో మొదటి ప్రశ్న, షేరు 2018 జనవరి 31 నాటికి చేతిలో ఉందా, తర్వాత వచ్చిందా అన్నది. మన రైతు అవంతి అమ్మకం ఒక్కటే అయినా ఇక్కడ రెండుగా చీలుతుంది. ముందటి వరుసలో నాలుగు వందల షేర్లు, అమ్మకం 2,80,000, అసలు ఖరీదు 40,000, జనవరి 31 నాటి ధర షేరుకు 1,200. తర్వాతి వరుసలో రెండు వందల షేర్లు, అమ్మకం 1,40,000, ఖరీదు సున్నా. కొత్త ఐఎస్ఐఎన్‌తో జనవరి 31 ధర వెతికితే దొరకదు, ఎందుకంటే ఆ రోజు ఆ సంఖ్యే లేదు. పాత ఐఎస్ఐఎన్‌తో వెతికి, వచ్చిన ధరను ముఖ విలువ నిష్పత్తితో భాగించి చేత్తో వేయాలి. ఆ భావ్‌కాపీ పేజీని, 2015, 2018 నాటి కంపెనీ ప్రకటనల ప్రతిని, పాత కాంట్రాక్ట్ నోటును ఒకే ఫైల్లో పెట్టి ఆడిటర్‌కు ఇస్తే, 1,200 ఎక్కడినుంచి వచ్చిందని ఎవరు అడిగినా వేలు పెట్టి చూపించవచ్చు.